తెర మీద ధర, చేతికొచ్చే ధర

మా ఊళ్లో ఎవరినడిగినా ఎకరం అరవై లక్షలంటారు. కిందటేడు ఎవరో ఒకరు ఆ రేటుకు కొన్నారు, ఆ మాటే నిలిచిపోయింది. పిల్ల పెళ్లికని ఇప్పుడు ఎకరం అమ్మజూపితే యాభైకి మించి పలికేవాళ్లుండరు. కొందామని వెళితే డెబ్బైకి తక్కువ ఒప్పుకునేవాళ్లూ ఉండరు. అరవై లక్షలన్నది అయిపోయిన బేరం తాలూకు ధర.

ఫోన్‌లో షేరు పేరు పక్కన పెద్ద అంకెల్లో కనిపించేది కూడా అయిపోయిన బేరమే. దాన్ని ఎల్‌టీపీ అంటారు, అంటే చివరిసారి చేతులు మారిన ధర. ఇప్పుడు మీకు దొరికే ధర తెలియాలంటే మార్కెట్ డెప్త్ పట్టిక తెరవాలి. అందులో ఒకవైపు కొనేవాళ్లు, మరోవైపు అమ్మేవాళ్లు, ఎవరు ఎంతకు ఎన్ని అన్న వివరంతో వరసగా ఉంటారు. కొనేవాళ్లు ఇస్తామన్న ధరల్లో అన్నింటికన్నా పెద్దది బిడ్. అమ్మేవాళ్లు అడిగే వాటిలో అన్నింటికన్నా చిన్నది ఆస్క్. ఈ రెండింటి మధ్య ఎడం పేరు స్ప్రెడ్.

ఒక చిన్న కంపెనీ షేరు ఎల్‌టీపీ 200 రూపాయలు అనుకుందాం. అమ్మేవాళ్ల వరసలో 201కి 50 షేర్లు, 202.50కి 100, 206కి 150, 210కి 300 ఉన్నాయి. మీరు 500 షేర్లకు మార్కెట్ ఆర్డర్ పెట్టారు. మార్కెట్ ఆర్డర్ అంటే ‘ఎంతైనా సరే, ఇప్పుడే కావాలి’ అని చెప్పడం. ఎక్స్చేంజి కంప్యూటర్ ఆ మాట పట్టుకుని వరసలో మొదటివాడి నుంచి కొనుక్కుంటూ పోతుంది. మొదటి 50, తర్వాతి 100, ఆ తర్వాతి 150 అయిపోయి, చివరి 200 షేర్లు 210 చొప్పున వస్తాయి. లక్ష అవుతుందనుకున్నది 1,03,200 అవుతుంది. ఒక్కో షేరు సగటున 206.40 పడింది.

మనసు మారి వెంటనే అమ్మబోతే నొప్పి ఇంకా బాగా తెలుస్తుంది. అటువైపు 198కి 40, 197కి 60, 194కి 200, 190కి 300 మాత్రమే అడుగుతున్నారు. 500 అమ్మితే చేతికొచ్చేది 96,540. కంపెనీలో ఏమీ మారలేదు, నిమిషం కూడా గడవలేదు, 6,660 రూపాయలు పోయాయి. ఇరవై రూపాయల బ్రోకరేజి గురించి గీచిగీచి బేరమాడే మనం ఈ ఖర్చును అసలు లెక్కే వేయం, ఎందుకంటే కాంట్రాక్ట్ నోటులో దీనికి విడిగా ఒక వరస ఉండదు.

అదే 202.50కి లిమిట్ ఆర్డర్ పెట్టి ఉంటే? 201కి 50, 202.50కి 100 వెంటనే వచ్చేవి. మిగిలిన 350కి మీరే కొనేవాళ్ల వరసలో ముందు నిలబడేవారు. అమ్మేవాడు మీ ధరకు దిగితే దొరుకుతాయి, లేకపోతే సాయంత్రానికి ఆర్డర్ రద్దవుతుంది. లిమిట్ ఆర్డర్‌కు ఉన్న లోటు ఇదే. ఇంకో చిక్కు కూడా ఉంది. చెడు వార్త వచ్చిన రోజున ధర జారుతూ వచ్చి మీ లిమిట్‌ను తాకుతుంది. అక్కరలేని వేళలోనే షేర్లు చక్కగా చేతిలో పడతాయి. అందుకే పెట్టిన లిమిట్ ఆర్డర్‌ను మరిచిపోకూడదు.

పెద్ద కంపెనీల షేర్లలో మామూలు రోజున ఈ బాధ ఉండదు. స్ప్రెడ్ పైసల్లో ఉంటుంది, ప్రతి ధర దగ్గరా సరుకు దండిగా ఉంటుంది. ధర కదలకుండా కొని, కదలకుండా అమ్మగలగడమే లిక్విడిటీ. కానీ అదీ శాశ్వతం కాదు. 2012 అక్టోబర్ 5న ఒక బ్రోకింగ్ సంస్థ నుంచి పొరపాటున సుమారు 650 కోట్ల రూపాయల అమ్మకపు ఆర్డర్లు ఎన్‌ఎస్‌ఈలోకి వెళ్లాయి. అవి కొనేవాళ్ల వరసలన్నీ మింగేయడంతో నిఫ్టీ క్షణాల్లో 15 శాతానికి పైగా పడి, ట్రేడింగ్ కాసేపు ఆగింది.

చిన్న షేరు లోయర్ సర్క్యూట్‌లో ఉన్నప్పుడైతే కొనేవాళ్ల వరసే ఖాళీ. అప్పుడు మార్కెట్ ఆర్డర్ పెట్టినా తీసుకునేవాడు లేడు. ఆ రోజు ఎల్‌టీపీ ఎంత ఉన్నా మీకు ఒరిగేదేమీ లేదు.

కాబట్టి కొనే ముందు డెప్త్ తెరిచి, మీకు కావలసిన షేర్లు ఏ ధర దాకా వెళితే పూర్తవుతాయో అమ్మేవాళ్ల వరసలో కూడి చూడండి. తర్వాత అన్నే షేర్లను కొనేవాళ్ల వరసలోనూ లెక్కకట్టండి. బయటికి వచ్చే దారి ఎంత వెడల్పుందో ఆ రెండో లెక్కే చెబుతుంది.