మాట నుండి కొలతకు

వంట వీడియోలో మాట్లాడే వ్యక్తి చేతులతో పని చేస్తూ మాట్లాడుతుంది. అందువల్ల ఆ మాటలను ఉన్నదున్నట్లు కాగితంపై పెడితే అది వంట విధానం కాదు, సంభాషణ మాత్రమే అవుతుంది. దానిని దినుసుల పట్టికగాను, వరుస సంఖ్యలు గల సోపానాలుగాను మార్చేటప్పుడు భాష మారవచ్చు గాని కొలత మారరాదు. ఆవకాయ వంటి నిల్వ పచ్చడి విషయంలో ఈ నియమం మరింత కఠినమైనది. ఉప్పు తగ్గితే జాడీకి బూజు పడుతుంది. ఆ సంగతి తెలిసేనాటికి మామిడికాయల కాలం దాటిపోతుంది.

ఒక గృహిణి ఆవకాయ కలుపుతూ చెప్పిన మాటలు లిఖిత రూపంలో ఇలా ఉన్నాయని భావించవచ్చు:

“ముక్కలు ఈ గిన్నెతో నాలుగు గిన్నెలు వచ్చాయండీ. ఇదే గిన్నెతో కారం ఒకటి, ఆవపిండి ఒకటి. ఉప్పు కూడా ఒకటి... కాదండీ, ముప్పావు చాలు, మెత్తగా దంచిన ఉప్పు కదా. పసుపు ఆరు స్పూను. వెల్లుల్లి గుప్పెడు. నూనె ఇప్పుడు ఒకటిన్నర గిన్నె, మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఇంకో అర గిన్నె. అన్నట్టు చెప్పడం మరిచాను, ముక్కలను తడి లేకుండా తుడిచి పెట్టుకోవాలి. మూడో రోజు ఉప్పు తగ్గిందనిపిస్తే కాస్త కలుపుకోండి.”

ఇందులో మొదటి చిక్కు ఉప్పు. ఆమె ‘ఒకటి’ అని, వెంటనే సవరించుకొన్నది. కనుక పట్టికలో ముప్పావు గిన్నె మాత్రమే నిలవాలి. అయితే ‘మెత్తగా దంచిన’ అన్న విశేషణాన్ని కూడా విడిచిపెట్టరాదు. గళ్ళ ఉప్పులో రాళ్ళ మధ్య ఖాళీ ఎక్కువ. అదే గిన్నెడు మెత్తని ఉప్పు దానికంటె ఎక్కువ బరువు తూగుతుంది. ఆమె కొలత తగ్గించడానికి కారణం ఇదే. విశేషణం పోతే, గళ్ళ ఉప్పును ముప్పావు గిన్నె వేసిన వారి పచ్చడిలో ఉప్పు చాలదు. చివర చెప్పిన ‘కాస్త’ ఉప్పు వేరు. దానికి సంఖ్యను కల్పించరాదు. షరతుతో సహా చివరి సోపానంలో ఉంచాలి.

రెండవ చిక్కు ‘పసుపు ఆరు స్పూను’. సంఖ్య ఆరయితే సాధారణంగా ‘స్పూన్లు’ అనాలి. ఏకవచనం అనుమానానికి తావిస్తున్నది. మాటలను యంత్రం అక్షరాలుగా మార్చినప్పుడు ‘అర’ అన్నది ‘ఆరు’ కావడం సులభం. అయినా ఊహతో దిద్దరాదు. వీడియోలో ఆ చోటికి వెళ్ళి విని, చేతిలోని స్పూనును చూసి నిర్ధారించుకోవాలి. ఈ ఉదాహరణలో వినిపించినది ‘అర’ అనుకొందాం. అది చిన్న స్పూనా, పెద్ద స్పూనా అన్నది కూడా అప్పుడే చూడాలి; వంటపుస్తకాల ప్రామాణిక కొలతలో పెద్దది చిన్నదానికి 3 రెట్లు. ఇక్కడ కనిపించినది చిన్న స్పూను.

గిన్నెలను గ్రాములుగా మార్చాలన్న ఉత్సాహం కొందరికి కలుగుతుంది. గిన్నె పరిమాణం తెలియదు. పైగా ఒకే గిన్నెడు ఆవపిండి, ఉప్పు ఒకే బరువుండవు. ఆమె ఇచ్చినది నిష్పత్తి. అందరూ ఒకే గిన్నెను వాడినంతకాలం ఆ నిష్పత్తి చెడదు. అదే విధంగా ‘గుప్పెడు’ గుప్పెడుగానే ఉండాలి.

సవరించిన పిమ్మట పాఠం ఇలా ఉంటుంది.

దినుసులు (అన్నిటికీ ఒకే గిన్నె): మామిడికాయ ముక్కలు 4 గిన్నెలు, కారం 1 గిన్నె, ఆవపిండి 1 గిన్నె, మెత్తగా దంచిన ఉప్పు ముప్పావు గిన్నె, పసుపు అర చిన్న స్పూను, వెల్లుల్లి గుప్పెడు, నూనె మొత్తం 2 గిన్నెలు.

1. ముక్కలను తడి లేకుండా తుడవాలి.
2. కారం, ఆవపిండి, ఉప్పు, పసుపు కలపాలి.
3. అందులో ముక్కలు, వెల్లుల్లి, ఒకటిన్నర గిన్నె నూనె వేసి కలిపి జాడీకి ఎత్తాలి.
4. మూడవ రోజు మిగిలిన అర గిన్నె నూనె పోసి తిరగకలపాలి. ఉప్పు తగ్గిందనిపిస్తే కాస్త కలపాలి.

ముక్కలను తుడవడం ఆమె ఆలస్యంగా చెప్పినా, చేయవలసినది ముందు గనుక మొదటి సోపానమయింది. నూనె రెండు చోట్ల విడిపోయింది. కాబట్టి చివరిసారి సోపానాలలోని కొలతలను కూడి పట్టికతో సరిచూడాలి: ఒకటిన్నరకు అర కలిపితే 2. పట్టికలో ఒకటిన్నర మాత్రమే రాసి ఉంటే, వంట చేసేవారు నూనె తక్కువగా తెచ్చుకొని, మూడవ రోజున జాడీ ముందు చిక్కుపడతారు.