బంప్ క్యాపా, హెల్మెటా?

నయాపూల్ దాటి పాతబస్తీ మీదుగా దక్షిణంగా వెళితే కాటేదాన్ పారిశ్రామికవాడ వస్తుంది. మా హాస్టల్ విద్యార్థుల్లో కొందరి తండ్రులు, అన్నలు ఇలాంటి ఫ్యాక్టరీల్లోనే పనిచేస్తున్నారు. ఫ్యాక్టరీల్లో తలకు పెట్టుకునేవి రెండు రకాలు. ఒకటి గట్టి హెల్మెట్. రెండవది బంప్ క్యాప్, అంటే లోపల పలుచని ప్లాస్టిక్ చిప్ప ఉన్న టోపీ. తేలికగా ఉంటుందని చాలామంది రెండవదాన్నే ఇష్టపడతారు. అయితే ఈ రెండూ ఒకే పనికి చేసినవి కావు.

యూరప్ ప్రమాణాల ప్రకారం 5 కిలోల బరువును హెల్మెట్ మీద 1 మీటరు ఎత్తు నుంచి, బంప్ క్యాప్ మీద 25 సెంటీమీటర్ల నుంచి మాత్రమే వదిలి పరీక్షిస్తారు. మనం చదువుకున్న లెక్క ప్రకారం మొదటిది సుమారు 49 జౌళ్ల దెబ్బ, రెండవది 12 జౌళ్లు.

ఇప్పుడు ఒక కార్మికుణ్ణి ఊహించుకుందాం. మామూలుగా నడుస్తూ కిందికి ఉన్న పైపుకు తల కొట్టుకుంటే, తల బరువు 5 కిలోలనుకున్నా, ఆ దెబ్బ సుమారు 5 జౌళ్లే. దీనికి బంప్ క్యాప్ చాలు. అదే మనిషి మీద 3 మీటర్ల ఎత్తు నుంచి కిలో బరువున్న స్పానర్ జారి పడితే అది 29 జౌళ్లు. క్యాప్‌కు పెట్టిన పరీక్షకు ఇది రెండింతలకు పైనే. కాబట్టి మన తలే వెళ్లి తగిలే చోట క్యాప్ సరిపోతుంది. పైనుంచి వస్తువు పడే చోట, బరువులు వేలాడే చోట హెల్మెట్ తప్పనిసరి.

మరి హెల్మెట్ ఎందుకు తీసేస్తారు? ఉక్కపోత వల్ల. గాలి రంధ్రాలున్న హెల్మెట్లు దొరుకుతాయి. కానీ కరెంటు పనిలో, కరిగిన లోహం చిందే చోట అవి పనికిరావు. మామూలు హెల్మెట్‌కు మనమే రంధ్రాలు చేస్తే చిప్ప బలహీనపడుతుంది. చెమట పీల్చడానికి లోపల తువ్వాలు మడిచి పెట్టడం మరో పొరపాటు. చిప్పకూ తలమీది పట్టీలకూ మధ్య ఉన్న ఖాళీయే దెబ్బను మింగుతుంది. తువ్వాలు ఆ ఖాళీని నింపేస్తుంది, హెల్మెట్‌ను వదులు చేస్తుంది.

చెమట కోసమే నుదుటి దగ్గర స్వెట్‌బ్యాండ్ ఉంటుంది. గుడ్డదైతే ఉతుక్కోవచ్చు. ఉప్పు పేరుకుని గట్టిపడినా, వాసన వస్తున్నా, నుదురు ఒరుసుకుపోతున్నా దాన్ని మార్చాలి. చాలా హెల్మెట్లలో అది విడిగా ఊడివస్తుంది.

ఏది ఏదో తెలుసుకోవడానికి లోపలి గుర్తులు చూడాలి. మన దేశపు హెల్మెట్‌పై ఐ.ఎస్. 2925 అనే సంఖ్య, ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. యూరప్ ప్రమాణం పాటించే బంప్ క్యాప్‌లో ఇ.ఎన్. 812 అనే గుర్తుతో పాటు, పైనుంచి పడే వస్తువుల నుంచి ఇది కాపాడదన్న హెచ్చరిక ఉంటుంది. ఆ హెచ్చరిక చాలాసార్లు ఇంగ్లీషులోనే ఉంటుంది. మన ఇళ్లలో దాన్ని చదవగలిగింది మనమే గనుక, ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు నాన్న టోపీని ఒకసారి తిరగేసి చూడాలి.