బాకీ ఎప్పుడు మోసమవుతుంది?

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన ఒక రైతు సంగతి తీసుకుందాం. నూరు టిక్కీల మిర్చిని ఓ వ్యాపారికి అరువు మీద అమ్మాడు. నెలలో ఇస్తానన్న డబ్బు ఆరు నెలలైనా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. రైతు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి చీటింగ్, నమ్మకద్రోహం రెండూ పెట్టి కేసు రాయమంటాడు. ఆయన కడుపుమంట న్యాయమైనదే. కానీ డబ్బు రాలేదన్న ఒక్క విషయంతో ఆ రెండింట్లో ఏ నేరమూ రుజువు కాదు. అవతలివాడి మనసులో దురుద్దేశం ఎప్పుడు పుట్టిందన్నదే అసలు ప్రశ్న.

మోసానికి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్, నేరపూరిత నమ్మకద్రోహానికి 316వ సెక్షన్ ఉన్నాయి. 2024 జూలై 1కి ముందు జరిగిన వ్యవహారాలకు పాత శిక్షాస్మృతిలోని 420, 406 సెక్షన్లే వర్తిస్తాయి. నంబర్లు మారాయి గానీ రెండు నేరాల స్వభావం మారలేదు. మోసం కావాలంటే సరుకు చేతికందే క్షణానికే డబ్బు ఇవ్వకూడదన్న ఆలోచన ఉండాలి. ఆ ఆలోచనతోనే అబద్ధం చెప్పి సరుకు ఇప్పించుకుని ఉండాలి.

చట్టంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. నీలిమందు మొక్క సరఫరా చేస్తానని ఒకడు అడ్వాన్సు తీసుకుంటాడు. ఇచ్చే ఉద్దేశం మొదటే లేకపోతే అది మోసం. తీసుకున్నప్పుడు ఇద్దామనే ఉండి, తర్వాత మాట తప్పితే అది ఒప్పంద ఉల్లంఘన మాత్రమే. దానికి సివిల్ దావా వేసుకోవాలి.

ఇప్పుడు మన రైతు దగ్గరికి వద్దాం. వ్యాపారి కొన్నేళ్లుగా కొంటూ, చెల్లిస్తూ వచ్చాడు. ఈసారి ధర పడిపోయి నష్టపోయాడు. ఇది బాకీ. అలా కాకుండా లేని కొట్టు పేరు చెప్పి, అప్పటికే మూసేసిన ఖాతా చెక్కు చేతిలో పెట్టి, సరుకును ఆ రాత్రే కొన్న ధరకంటే తక్కువకు తెగనమ్మి మాయమైతే అది మోసమని చెప్పడానికి గట్టి ఆధారం దొరికినట్టే.

మరి నమ్మకద్రోహం? రైతు మిర్చిని అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో దాచాడనుకోండి. సరుకు ఇంకా రైతుదే, యజమాని దగ్గర ఉన్నది అప్పగింత మాత్రమే. దించుకున్న రోజున ఆయన మనసులో ఏ కల్మషమూ లేకపోవచ్చు. మూడు నెలలకు ధర పెరిగాక, రైతుకు తెలియకుండా అమ్ముకుని డబ్బు జేబులో వేసుకుంటే అది నమ్మకద్రోహం. ఇక్కడ దురుద్దేశం తర్వాత పుట్టినా నేరమే. గోదాము నడిపేవాళ్లు ఇలా చేస్తే ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఒకే సంఘటనకు రెండు సెక్షన్లూ కలిపి రాయడం మన దగ్గర మామూలైపోయింది. 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు ఈ అలవాటును గట్టిగా తప్పుపట్టింది. గుర్రాలకు దాణా సరఫరా చేసినందుకు తనకు తొమ్మిది లక్షల పైచిలుకు రావాలన్నది ఫిర్యాది వాదన. దాణా అమ్మేశాక అది కొన్నవారి సొత్తే అయిపోతుంది, ఇక అప్పగింత ఎక్కడిది అన్నది కోర్టు తర్కం. ఒకే వాస్తవాల మీద ఈ రెండు నేరాలూ కలిసి నిలవవని చెప్పి కేసు కొట్టేసింది. నా దృష్టిలో ఇది సరైన తీర్పు. బాకీ వసూలుకు అరెస్టు భయాన్ని వాడటం మొదలైతే నిజంగా నష్టపోయి అప్పుల్లో పడ్డవాడికీ గజమోసగాడికీ తేడా ఉండదు.

మనసులో ఉన్నదాన్ని ఎలా పట్టుకుంటారు? తర్వాతి ప్రవర్తనను కోర్టు గమనిస్తుంది గానీ అదొక్కటే చాలదని 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఫిర్యాదులో 'మొదటి నుంచీ మోసపూరిత ఉద్దేశంతోనే' అని రాసినంత మాత్రాన ఫలితం ఉండదు. బేరం నాడు చెప్పిన అబద్ధమేమిటో, అది అబద్ధమని అతనికి అప్పటికే తెలుసనడానికి ఆధారమేమిటో చూపాలి. మూసిన ఖాతా తేదీ, దొంగ చిరునామా, అదే వారంలో అదే మాట చెప్పి ఇంకెందరి దగ్గర సరుకు ఎత్తాడన్న వివరం పనికొస్తాయి. చెక్కు బౌన్స్ కావడం ఒక్కటే మోసానికి రుజువు కాదు. మధ్యలో కొంత చెల్లించి ఉంటే అది సాధారణంగా నిందితుడి పక్షానే నిలుస్తుంది.

ఇక్కడ రైతులు ఎక్కువగా దెబ్బతినేది కాలపరిమితి దగ్గర. అరువు మీద అమ్మిన సరుకు డబ్బు కోసం సివిల్ దావా వేయడానికి, గడువు తీరిన నాటి నుంచి మూడేళ్లే సమయం. పోలీసు కేసు నడుస్తోందని ఆ గడియారం ఆగదు. చెక్కు తిరిగొస్తే బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. స్టేషన్ చుట్టూ తిరుగుతూనే ఈ రెండు తేదీలనూ లాయరుతో రాయించుకుని దగ్గర పెట్టుకోవాలి.