పనితీరు మెరుగుదల ప్రణాళిక – ప్రతీకార చర్య: లిఖిత సమాధాన విధానం

1. ప్రవేశిక

ఉద్యోగి పనిలో లోపాలను గుర్తించి, నిర్ణీత గడువులో సరిదిద్దుకునే అవకాశం ఇచ్చే పత్రాన్ని సంస్థలు పనితీరు మెరుగుదల ప్రణాళిక అంటాయి. ఉద్యోగుల వాడుకలో ఇది 'పిప్'. ఫిర్యాదు చేసిన ఉద్యోగిని సాగనంపడానికి కూడా ఈ పత్రమే సాధనం కావచ్చు. లైంగిక వేధింపుపై ఫిర్యాదు చేసిన మహిళకు ఈ పరిస్థితి ఎదురైనప్పుడు 2013 నాటి చట్టం కల్పించే రక్షణను, దానిని పొందడానికి రాయవలసిన లేఖలను ఈ వ్యాసం వివరిస్తుంది.

2. ఒక ఉదాహరణ

రేణిగుంట ప్రాంతంలోని ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో నాణ్యతా విభాగపు ఇంజనీరు ఒకరు ఉన్నారని ఊహిద్దాం. 2024 ఏప్రిల్ మదింపులో ఆమెకు అయిదింట నాలుగు పాయింట్లు వచ్చాయి. 2025 జనవరి 6న ఆమె తన పై అధికారిపై అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేశారు. జనవరి 27న అదే అధికారి సంతకంతో 60 రోజుల ప్రణాళిక ఆమె చేతికి వచ్చింది. అందులోని ఆరోపణ ఒకటే: 'తనిఖీ నివేదికలు ఆలస్యమవుతున్నాయి, చొరవ లోపించింది.'

ఇక్కడ గడువులను పక్కపక్కన పెట్టి చూడాలి. చట్టం ప్రకారం కమిటీ విచారణ 90 రోజులలో ముగియాలి. అంటే ఫిర్యాదు తేదీ నుండి లెక్కిస్తే ఏప్రిల్ 6 వరకు సమయం ఉంది. ప్రణాళిక మార్చి 28కే ముగుస్తుంది. కమిటీ నివేదిక రాకముందే ఆమె ఉద్యోగ భవితవ్యాన్ని, ఫిర్యాదును ఎదుర్కొంటున్న వ్యక్తే తేల్చివేయగలడు.

3. మొదటి లేఖ: మానవ వనరుల విభాగానికి

ప్రణాళికను తిరస్కరిస్తే అది అవిధేయతగా నమోదయ్యే ప్రమాదం ఉంది. మారు మాట లేకుండా సంతకం చేస్తే లోపాన్ని అంగీకరించినట్లవుతుంది. అందుచేత సంతకం పక్కనే 'పత్రం అందినది. అందులోని అంశాలను అంగీకరించినట్లు కాదు' అని రాసి, తేదీ వేయాలి. రెండు మూడు రోజులలో ఈ విధంగా ఈమెయిల్ పంపవచ్చు:

'27-1-2025 నాటి ప్రణాళిక అందినది. ప్రణాళికలోని పనులు చేస్తూనే ఈ వివరాలు కోరుతున్నాను. ఏ ఏ తేదీల నివేదికలు ఆలస్యమైనవి? వాటికి విధించిన గడువు ఎంత? చొరవను ఏ కొలమానంతో లెక్కిస్తారు? ఏప్రిల్ 2024 మదింపులో ఈ లోపాలు ప్రస్తావనకు రాలేదు. 6-1-2025న నేను అంతర్గత కమిటీకి ఫిర్యాదు సమర్పించిన విషయాన్ని గమనించగలరు.'

ఈ లేఖలో కోపం, ఉద్దేశాల ఆపాదన ఉండకూడదు. తేదీల వరుసే వాదాన్ని వినిపిస్తుంది. ఫిర్యాదు సారాంశాన్ని ఇందులో రాయవలసిన పని లేదు. ఫిర్యాదు వివరాలను బహిరంగపరచడాన్ని సెక్షన్ 16 నిషేధిస్తుంది కాబట్టి ప్రతులను సహోద్యోగులకు పంపకపోవడమే క్షేమం.

4. రెండవ లేఖ: అంతర్గత కమిటీకి

చాలామంది మొదటి లేఖతోనే ఆగిపోతారు. అసలు రక్షణ రెండవదానిలో ఉంది. విచారణ సాగుతుండగా, బాధితురాలి లిఖితపూర్వక అభ్యర్థన మేరకు, కమిటీ మధ్యంతర ఉపశమనాన్ని సిఫార్సు చేయవచ్చునని సెక్షన్ 12 చెబుతుంది. బదిలీ, మూడు నెలల వరకు సెలవు ఇందులో ఉన్నాయి. 2013 నిబంధనలలోని 8వ నియమం మరొక ఉపశమనాన్ని చేర్చింది: ప్రతివాది ఆమె పనితీరుపై నివేదిక రాయకుండా నిరోధించి, ఆ బాధ్యతను వేరొక అధికారికి అప్పగించడం. సిఫార్సు వెలువడితే దానిని యజమాని అమలు చేయవలసిందే.

అభ్యర్థన లేనిదే ఈ సెక్షన్ కింద సిఫార్సుకు ఆధారం ఉండదు. కనుక ఆమె లేఖ సూటిగా ఉండాలి: 'ప్రతివాది సంతకంతో వచ్చిన ప్రణాళిక ప్రతిని జతపరుస్తున్నాను. సెక్షన్ 12, నియమం 8 ప్రకారం నా పనితీరు మదింపును వేరొక అధికారికి అప్పగించవలసిందిగా, విచారణ ముగిసేవరకు ఈ ప్రణాళిక ఆధారంగా చర్య తీసుకోకుండా సిఫార్సు చేయవలసిందిగా కోరుతున్నాను.' ఇందులో మొదటి కోరిక నియమంలో స్పష్టంగా ఉన్నది. రెండవది కమిటీ విచక్షణకు లోబడినది. వేధింపుతో ముడిపడి ఉద్యోగానికి హాని చేస్తామన్న బెదిరింపు కూడా లైంగిక వేధింపు కిందికి రావచ్చునని సెక్షన్ 3 చెబుతున్నందున, ప్రణాళికను అదనపు సాక్ష్యంగా పరిగణించమని కూడా కోరవచ్చు.

5. పరిమితులు

ఫిర్యాదుకు ముందే అవే లోపాలపై మెమోలు ఉంటే తేదీల వాదం బలహీనపడుతుంది. అప్పుడు కూడా మదింపు అధికారిని మార్చమని కోరడానికి అడ్డంకి లేదు. ఎందుకంటే ఆ కోరికకు ఆధారం ఆమె పనితీరు కాదు, మదింపు చేసేవాడు ప్రతివాది కావడం. వేతన బకాయిల వంటి ఇతర ఫిర్యాదులకు ఈ నియమం వర్తించదు.

పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్నందున అంతర్గత కమిటీ ఏర్పడని చోట, లేదా ఫిర్యాదు యజమానిపైనే అయిన చోట, రెండవ లేఖ జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. 2022 ఏప్రిల్ 4 తరువాత రేణిగుంట, శ్రీసిటీ ప్రాంతాలకు అది తిరుపతి జిల్లా కమిటీ. చిత్తూరు జిల్లా కమిటీ కాదు.

6. ముగింపు

ఈ ఉదాహరణలో 'నేను బాగా పనిచేశాను' అని నిరూపించుకోవడం కంటే, 'నా పనిని ఎవరు తూచాలి' అన్న ప్రశ్నను ముందుగా, గడువులోపల, కమిటీ ఎదుట లిఖితపూర్వకంగా ఉంచడం ముఖ్యం. మార్చి 28 దాటాక అదే లేఖ రాస్తే, మదింపు అప్పటికే ప్రతివాది చేతుల మీదుగా పూర్తయి ఉంటుంది.