జూన్ 16 కాస్తా జూన్ 23 అయినప్పుడు

పని అనుకున్న తేదీకి కాలేదని క్లయింటుకు రాసే మెయిల్ సాధారణంగా మొదటి వాక్యంలోనే చెడిపోతుంది. ‘ఈ వారం బృందం మంచి పురోగతి సాధించింది’ అని మొదలుపెట్టి, పూర్తయిన పనులన్నీ ఏకరువు పెట్టి, నాలుగో పేరాలో ఎక్కడో ‘కొన్ని సాంకేతిక కారణాల వల్ల టెస్టింగ్ కాస్త వెనక్కి వెళ్లే అవకాశం ఉంది’ అని ముగిస్తారు. అవతలి మనిషి ఆ మెయిల్‌ను ఫోన్‌లో చదువుతాడు. రెండు పేరాలు దాటడు. సోమవారం వాళ్ల పెద్దాయన అడిగితే ‘అంతా బాగానే ఉందట’ అంటాడు. పది రోజుల తర్వాత అసలు సంగతి బయటపడ్డప్పుడు ‘మేం ముందే రాశాం కదా’ అని లీడ్ ఎంత మొత్తుకున్నా లాభం ఉండదు.

మన ఇళ్లలో చాలామంది పిల్లలు శుక్రవారం సాయంత్రాలు కూర్చుని తంటాలు పడేది ఈ మెయిల్ దగ్గరే. వాళ్లు చేసే పని ఏమిటో అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం.

హైదరాబాద్‌లోని ఒక కంపెనీ, అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల ఉన్న ఫర్నిచర్ దుకాణాల గొలుసుకు కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తోంది. పాత సిస్టంలో ఉన్న 2,40,000 మంది ఖాతాదారుల వివరాలను కొత్తదానిలోకి మార్చాలి. ఆ తర్వాత దుకాణాల సిబ్బందే కూర్చుని పది పనిదినాలు పరీక్షిస్తారు. దీన్నే యూఏటీ అంటారు. అది జూన్ 16, సోమవారం మొదలవ్వాలి. జూన్ 30కి ముగియాలి. వాళ్లు పట్టుకున్న తప్పులు సరిదిద్ది, జూలై 12, శనివారం రాత్రి గో-లైవ్ చేయాలి. అంటే పాత సిస్టం ఆపేసి కొత్తదాన్ని నడపాలి.

జూన్ మొదటి వారంలో డేటాను పరీక్షగా ఒకసారి ఎక్కిస్తే 9,600 రికార్డులు తిరిగొచ్చాయి. అందులో 7,100 పిన్‌కోడ్ తప్పులు. అక్కడ దాన్ని జిప్‌కోడ్ అంటారు, ఐదు అంకెలు. మసాచుసెట్స్, కనెక్టికట్, న్యూజెర్సీ రాష్ట్రాల్లో అది సున్నాతో మొదలవుతుంది. బోస్టన్‌లో ఒక కోడ్ 02108. డేటా ఫైలును మధ్యలో ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారు. ఎక్సెల్ దాన్ని మామూలు సంఖ్య అనుకుని ముందున్న సున్నా తీసేసింది, 2108 మిగిలింది. కొత్త సిస్టం నాలుగంకెల కోడ్‌ను ఒప్పుకోదు. ఇది చిన్న చికాకే. పోయిన సున్నాను తిరిగి చేర్చి సరిచూసుకోవడానికి రెండు రోజులు చాలు.

మిగతా 2,500 రికార్డులతోనే అసలు తలనొప్పి. ఒకే ఫోన్ నంబరు మీద ఇద్దరు ఖాతాదారులు ఉన్నారు. ఒకే మనిషి రెండు దుకాణాల్లో రెండుసార్లు నమోదై ఉండొచ్చు, లేదా భార్యాభర్తలై ఉండొచ్చు. ఒక్కటిగా కలపాలా, విడిగా ఉంచాలా? కలిపితే రెండు ఖాతాల్లోని రివార్డు పాయింట్లు కూడాలా, ఏదో ఒకటి ఉంచాలా? పాయింట్లంటే దుకాణం ఇవ్వాల్సిన డబ్బు కిందే లెక్క. హైదరాబాద్‌లో కూర్చున్న ప్రోగ్రామరు దీన్ని తేల్చకూడదు. ఆ నిర్ణయం దుకాణం వాళ్లదే.

జూన్ 6, శుక్రవారం. లీడ్ ఇప్పుడు కొత్త తేదీ చెప్పాలి. ఇక్కడ చాలామంది చేసే పని, ఓ వారం కలిపేసి ‘23కి ఇచ్చేద్దాం’ అనడం. తేదీ ఒక్కోసారి అదే కావచ్చు గానీ, దాని వెనక లెక్క ఉందా లేదా అన్నది క్లయింటు అడిగే మొదటి ప్రశ్నకే తేలిపోతుంది. లెక్క ఇలా వేయాలి. ఖాతాల కలయిక మీద నిర్ణయం జూన్ 11, బుధవారం బోస్టన్ సాయంత్రానికి వస్తే, అప్పటికి మనకు తెల్లవారుజామున రెండున్నర. కాబట్టి పని గురువారం మొదలవుతుంది. రాయడానికి మూడు రోజులు: 12, 13, 16. ఆ రాత్రి మొత్తం డేటా మళ్లీ ఎక్కించాలి. సరిచూడటానికి 17, 18. ఆ లెక్కలను క్లయింటు తరఫున ఒకరు చూసి సరేననాలి. 19న వాళ్లకు జూన్‌టీన్త్ సెలవు, అందుకని 20. యూఏటీ 23, సోమవారం మొదలు.

ఈ లెక్కలో ఒక తమాషా ఉంది. నిర్ణయం ఒకరోజు ఆలస్యమై 12న వచ్చినా యూఏటీ 23నే మొదలవుతుంది. 19న సెలవు వాళ్లకే గానీ మన బృందానికి కాదు కదా, సరిచూసే పని ఆరోజు ముగుస్తుంది. 13న వస్తే మాత్రం 24కి పోతుంది. ఈ ఒక్కరోజు వెసులుబాటు సంగతి మెయిల్‌లో చెప్పాలా? చెబితే క్లయింటు తాపీగా 12నే ఇస్తాడని కొందరు లీడ్లు దాచేస్తారు. నా మట్టుకు చెప్పడమే మేలు. దాచిన వెసులుబాటు ఒకసారి బయటపడితే, ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి తేదీలోంచీ అవతలివాళ్లు రెండు రోజులు కోసేసి చదువుతారు.

ఇంతవరకూ అందరికీ కనిపించేదే. అసలు ప్రమాదం జూలై 12 దగ్గర ఉంది. పాత ప్రణాళికలో యూఏటీ జూన్ 30కి ముగిశాక, తప్పులు దిద్దుకోవడానికి ఎనిమిది పనిదినాలు ఉండేవి. ఇప్పుడు 23న మొదలైతే, జూలై 4 సెలవు పోను, పదో రోజు జూలై 7న వస్తుంది. దిద్దుకోవడానికి మిగిలేవి నాలుగు రోజులే. మధ్య తేదీ జరిగినా చివరి తేదీ జరగలేదని చెప్పడం అందరికీ వినసొంపుగా ఉంటుంది. దాని అర్థం మాత్రం, జరిగిన వారమంతా తప్పులు దిద్దే రోజుల నెత్తిన పడిందని. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఎప్పుడూ కోతపడేది ఆ రోజులకే, ఎందుకంటే ప్రణాళికలో అవి ఖాళీ రోజుల్లా కనిపిస్తాయి. గో-లైవ్‌ను జూలై 19కి మారిస్తే తొమ్మిది రోజులు దొరుకుతాయి. మార్చమని ఇప్పుడే అడగాలి. దుకాణాల వాళ్లు ఆ శనివారం రాత్రికి మనుషుల్ని పిలుచుకుని ఉంటారు, శిక్షణ ఏర్పాటు చేసుకుని ఉంటారు. ఐదు వారాల ముందు చెబితే అవి మార్చుకోగలరు. ఐదు రోజుల ముందు చెబితే గొడవే.

మెయిల్ పంపేముందు ఫోన్ చేయాలి. చెడు వార్తను క్లయింటు మొదటిసారి మెయిల్‌లో, అదీ తన పై అధికారి పేరు కూడా ఉన్న మెయిల్‌లో చూడకూడదు. మాట్లాడాక పంపేదే మెయిల్. మన సాయంత్రం ఆరున్నరంటే వేసవిలో బోస్టన్‌లో ఉదయం తొమ్మిది. వాళ్లకు ఇంకా శుక్రవారం మొత్తం ఉంది, ప్రశ్నలడగొచ్చు. వాళ్ల సాయంత్రం ఐదింటికి పంపి మాయమైపోవడం మర్యాద కాదు.

అసలు మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్తుందనుకోండి. సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

‘విషయం: యూఏటీ ప్రారంభం జూన్ 16 నుంచి జూన్ 23కి మారింది. జూన్ 11లోగా మీ నిర్ణయం కావాలి.

ఉదయం ఫోన్‌లో మాట్లాడుకున్నట్టు, జూన్ 16న యూఏటీ మొదలుపెట్టలేం. కొత్త తేదీ జూన్ 23, సోమవారం. గో-లైవ్‌ను జూలై 12 నుంచి జూలై 19కి మార్చాలని మా సిఫారసు. 12నే ఉంచితే తప్పులు దిద్దడానికి ఎనిమిది రోజులకు బదులు నాలుగే ఉంటాయి.

కారణం: పరీక్షగా ఎక్కించిన 2,40,000 రికార్డుల్లో 9,600 తిరిగొచ్చాయి. 7,100 జిప్‌కోడ్‌వి, జూన్ 10కి సరిచేస్తాం. 2,500 ఒకే ఫోన్ నంబరున్న ఖాతాలు. ఈ పరీక్షను మేం మే నెలలోనే పెట్టుకోవాల్సింది. రెండో పరీక్ష జూన్ 16 రాత్రి.

మీ నుంచి కావలసింది: ఆ 2,500 ఖాతాలను కలపాలా, పాయింట్లు కూడాలా అన్న నిర్ణయం. జూన్ 11, బుధవారం సాయంత్రం ఐదు, మీ సమయం. 12న వచ్చినా 23 నిలుస్తుంది. ఆ తర్వాత ప్రతి రోజుకీ ఒక రోజు జరుగుతుంది.’

ఇందులో ఎక్సెల్‌లో ఫైలు తెరిచిందెవరో లేదు. క్లయింటు ఉద్యోగే కావచ్చు. ఆ సంగతి రాస్తే ఆ ఉద్యోగి తనను కాపాడుకునే పనిలో పడతాడు, మనకు కావలసిన నిర్ణయం పక్కన పడుతుంది. ‘70 శాతం పూర్తయింది’ లాంటి మాటా లేదు. మిగిలిన 30 శాతంలో ఏముందో చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు. తేదీల్లో నెల పేరు అక్షరాల్లో ఉంది. మనం 11/06 అని రాస్తే అమెరికావాళ్లు నవంబర్ 6 అని చదువుతారు.

మెయిల్ పైన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ప్రాజెక్టు పరిస్థితి చూపే అలవాటు ఉంది. ఈ వారం ఎరుపే పెట్టాలి. మైల్‌స్టోన్ తప్పిపోయింది కదా, పసుపుకి చోటేదీ? పైకి పచ్చగా, లోపల ఎర్రగా ఉండే నివేదికలను ఈ రంగంలో పుచ్చకాయ రిపోర్టులని వెక్కిరిస్తారు.

జవాబుగా క్లయింటు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాడు: ‘ఇంకో ఇద్దర్ని పెడితే 16కే అవుతుందా?’ ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే దీనికి జవాబు రాశారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందన్నారు. కొత్తవాళ్లకు నేర్పాల్సింది ఉన్నవాళ్లే కాబట్టి. మన ఉదాహరణలో అయితే అంతదూరం కూడా పోనక్కర్లేదు. బుధవారం దాకా పని ఆగింది నిర్ణయం కోసం, మనుషుల కోసం కాదు. ఆ మాటే నాలుగు ముక్కల్లో రాస్తే చాలు.

జూన్ 13న వెళ్లే తర్వాతి మెయిల్ మొదటి వాక్యం ఇప్పుడే ఖరారైపోయింది: నిర్ణయం వచ్చిందా లేదా, 23 నిలుస్తుందా లేదా. పాత తేదీని చెరిపేయకూడదు. ‘మొదటి తేదీ జూన్ 16, ఇప్పటి తేదీ జూన్ 23’ అని రెండూ పక్కపక్కనే చివరిదాకా ఉండాలి. మళ్లీ మారితే మూడోదీ పక్కనే చేరుతుంది.

ఇంకొక్క సంగతి కొత్త లీడ్లు మరిచిపోతుంటారు. ఒప్పందంలో చెల్లింపులు మైల్‌స్టోన్లతో ముడిపడి ఉంటే, యూఏటీ జరిగితే బిల్లూ జరుగుతుంది. అందుకని అదే శుక్రవారం సొంత కంపెనీ ఫైనాన్స్ వాళ్లకూ ఒక ముక్క రాయాలి. గో-లైవ్ తేదీ ఒప్పందంలో రాసి ఉంటే, క్లయింటు ‘సరే, కానివ్వండి’ అని మెయిల్‌లో జవాబిచ్చినంత మాత్రాన అది మారినట్టు కాదు. చాలా ఒప్పందాల్లో చేంజ్ రిక్వెస్టు మీద ఇరుపక్షాల సంతకాలూ పడేదాకా జూలై 12వ తేదీయే అమలులో ఉంటుంది.