పై బ్యాక్‌బాండింగ్

లోహ కార్బొనిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ తన కార్బన్ వైపున్న ఎలక్ట్రాన్ జంటను లోహానికి ఇస్తుంది. లోహం తన డి-ఆర్బిటాళ్లలోని ఎలక్ట్రాన్లను కొంతమేర తిరిగి ఇస్తుంది. ఇదే పై బ్యాక్‌బాండింగ్. అలా వచ్చినవి CO అణువులోని ఖాళీ అపబంధక ఆర్బిటాల్‌లోకి చేరతాయి. దాంతో లోహం-కార్బన్ బంధం బిగుస్తుంది, కార్బన్-ఆక్సిజన్ బంధం సడలుతుంది. సడలిన బంధం తక్కువ పౌనఃపున్యంతో కంపిస్తుంది. విడి CO పరారుణ వర్ణపటంలో 2143 సెం.మీ.⁻¹ వద్ద కనిపిస్తే, Cr(CO)₆లో అది దాదాపు 2000కు దిగుతుంది.

బరువైన లోహానికి అతుక్కున్నందువల్లే ఈ తగ్గుదల అనుకోవచ్చుగా? [V(CO)₆]⁻, Cr(CO)₆, [Mn(CO)₆]⁺లను పోల్చి చూడండి. మూడింటిలో ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే, లోహాల బరువులూ దాదాపు సమానమే. అయినా పౌనఃపున్యాలు సుమారు 1860, 2000, 2100. మారింది ఆవేశం మాత్రమే. రుణావేశమున్న వనేడియం ఎక్కువగా తిరిగి ఇస్తుంది, ధనావేశమున్న మాంగనీస్ ఎలక్ట్రాన్లను తన దగ్గరే పట్టి ఉంచుతుంది. కాబట్టి బరువు వాదన నిలవదు. అయితే ఈ తేడా అంతటినీ బ్యాక్‌బాండింగ్ ఖాతాలోనే వేయకూడదు. [Fe(CO)₆]²⁺లో విలువ 2200 దాటుతుంది, అంటే విడి CO కంటే ఎక్కువ. తిరిగి ఇవ్వడం తగ్గినంత మాత్రాన పౌనఃపున్యం 2143ను మించదు. అక్కడ లోహపు ధనావేశం CO ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ నుంచి కార్బన్ వైపు లాగి, ఆ బంధాన్ని మరింత గట్టిపరుస్తోంది.