లాభం ఖాతాలో ఉంది, గల్లాలో ఉందా?

మా మేనమామది ఎరువుల కొట్టు. జూలైలో అరువిచ్చిన బస్తాల డబ్బు సంక్రాంతి దాటి, పంట అమ్ముడయ్యాక గానీ చేతికి రాదు. ఒకసారి దసరాకు వెళ్లినప్పుడు ఈ ఏడు ఎలా ఉంది మామయ్యా అంటే, ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తెరిచి చూపించాడు. పేజీ పేజీకీ పేర్లు, వాటి ఎదురుగా బాకీలు. "లాభం బానే ఉందిరా, ఇదిగో ఇందులో" అన్నాడు. ఆ నెల కంపెనీకి కట్టాల్సిన సొమ్ము కోసం మాత్రం అత్తయ్య గాజులు బ్యాంకులో పెట్టాడు.

షేర్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీల లెక్కల్లోనూ ఇదే ఉంటుంది. సరుకు పంపి బిల్లు వేయగానే అది అమ్మకం అయిపోతుంది, లాభంలో కలిసిపోతుంది. డబ్బు వచ్చిందా లేదా అన్నది లాభనష్టాల పట్టిక చెప్పదు. దాన్ని చెప్పడానికి వార్షిక నివేదికలో వేరే పేజీ ఉంది. అదే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. అందులో మూడు భాగాలుంటాయి. వ్యాపారం నడపడం వల్ల వచ్చిన నగదు మొదటిది. యంత్రాలు, స్థలాలు, పెట్టుబడుల మీద పెట్టినది రెండోది. అప్పులు, వాటాదారుల సొమ్ము, డివిడెండ్ల రాకపోకలు మూడోది. మనకు కావలసిన జవాబు ఎక్కువగా మొదటి భాగంలోనే దొరుకుతుంది.

ఒక లెక్క చూద్దాం. డ్రిప్ పైపులు తయారుచేసే ఒక కంపెనీ అనుకోండి. ఇవి చూపించడానికి నేను వేసిన అంకెలే. మూడేళ్లలో అమ్మకాలు 400 కోట్ల నుంచి 470కి, అక్కడి నుంచి 560 కోట్లకు పెరిగాయి. నికర లాభం 28, 33, 40 కోట్లు. చూసినవాళ్లెవరైనా బాగుందనే అంటారు.

ఇప్పుడు మూడో ఏడాది క్యాష్ ఫ్లో పేజీ తిప్పుదాం. మన కంపెనీలు దాదాపు అన్నీ దీన్ని లాభంతో మొదలుపెట్టి, అందులో నగదు కానివాటిని సవరిస్తూ కిందికి దిగుతాయి. పన్నుకు ముందు లాభం 54 కోట్లు. తరుగుదల 12 కోట్లు కాగితం మీద ఖర్చే గానీ ఆ ఏడాది ఎవరికీ చెల్లించింది కాదు, అందుకని తిరిగి కలుపుతారు. వడ్డీ 10 కోట్లు అప్పుల భాగంలో చూపిస్తారు కాబట్టి దాన్నీ ఇక్కడ కలుపుతారు. డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీ 2 కోట్లు వ్యాపారానిది కాదు గనక తీసేస్తారు. తేలింది 74 కోట్లు.

ఇక్కడిదాకా చాలామంది చూస్తారు. అసలు సంగతి దీని కింది మూడు వరుసల్లో ఉంది. రావలసిన బాకీలు 62 కోట్లు పెరిగాయి, అంటే అంత సొమ్ము కొన్నవాళ్ల దగ్గరే ఉండిపోయింది. గోదాములో సరుకు 18 కోట్లు పెరిగింది, అదీ చిక్కుకుపోయిన డబ్బే. ముడిసరుకు ఇచ్చినవాళ్లకు మనం కట్టాల్సింది 8 కోట్లు పెరిగింది, అంటే వాళ్ల డబ్బు కొంతకాలం మన దగ్గర ఆగింది. 74లోంచి 62, 18 తీసి, 8 కలిపితే మిగిలింది 2 కోట్లు. ఆపైన ప్రభుత్వానికి పన్ను 14 కోట్లు నగదుగా కట్టాలి. చివరికి వ్యాపారం నుంచి వచ్చిన నగదు మైనస్ 12 కోట్లు.

నలభై కోట్ల లాభం చూపిన ఏడాదిలో వ్యాపారం పన్నెండు కోట్లు మింగిందన్నమాట. పైగా అందులో వడ్డీ లేదు. ప్రస్తుత పద్ధతి ప్రకారం మామూలు కంపెనీలు కట్టిన వడ్డీని మూడో భాగంలో చూపిస్తాయి. అప్పులున్న కంపెనీ అయితే దాన్ని మనమే తీసేసి చూసుకోవాలి. అలా చూస్తే ఇది మైనస్ 22 కోట్లు.

మరి కంపెనీ ఎలా నడిచింది? యంత్రాలకు 20 కోట్లు పెట్టింది, డిపాజిట్ల వడ్డీ 2 కోట్లు వచ్చింది. కొత్తగా 48 కోట్లు అప్పు తెచ్చింది, అందులోంచి 10 కోట్లు వడ్డీ, 8 కోట్లు డివిడెండు కట్టింది. అన్నీ కూడి తీసేస్తే ఏడాది మొదట్లో బ్యాంకులో ఎంత ఉందో చివర్లోనూ అంతే ఉంది. బ్యాంకు నిల్వ ఒక్కటే చూసినవాళ్లకు ఏమీ మారినట్టు కనిపించదు. అప్పు తెచ్చి డివిడెండు పంచుతున్నారని ఈ పేజీ చదివినవాళ్లకే తెలుస్తుంది.

ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకూడదు. మార్చిలో రావలసిన పెద్ద చెక్కు ఏప్రిల్‌లో వస్తే ఆ ఏడు పాడైనట్టు, తర్వాతి ఏడు వెలిగిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని నేను కనీసం మూడేళ్లు, వీలైతే ఐదేళ్లు కూడుతాను. మన పైపుల కంపెనీకి మూడేళ్ల లాభం 101 కోట్లు. వ్యాపారం నుంచి వచ్చిన నగదు వరుసగా 25, 6, మైనస్ 12, మొత్తం 19 కోట్లు. రూపాయి లాభం చెప్పుకుంటే చేతికొచ్చింది పంతొమ్మిది పైసలు. తరుగుదలను తిరిగి కలుపుతారు కాబట్టి స్థిరపడిన తయారీ కంపెనీలో ఈ మొత్తం లాభానికి సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండటం సహజం. ఏళ్ల తరబడి సగం కూడా దాటకపోతే ఎందుకో వెతకాలి.

వెతకాల్సిన మొదటి చోటు బాకీలు. అమ్మకాలు ఆ చివరి ఏడాది 19 శాతం పెరిగితే, బాకీలు 114 కోట్ల నుంచి 176 కోట్లకు, అంటే 54 శాతం పెరిగాయి. రోజుల్లోకి మార్చితే ఇంకా బాగా అర్థమవుతుంది. బాకీని అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే, అమ్మిన సరుకుకు డబ్బు రావడానికి ఎన్ని రోజులు పడుతోందో తేలుతుంది. మూడేళ్లలో ఇది 73 నుంచి 89కి, అక్కడి నుంచి 115 రోజులకు పోయింది.

ఇది మోసమేనా? కానక్కర్లేదు. డ్రిప్ పైపుల్లో పెద్ద భాగం ప్రభుత్వ సబ్సిడీ కాబట్టి బిల్లులు ఆలస్యమై ఉండొచ్చు. లేదా మార్చి చివరి వారంలో డీలర్ల మీద సరుకు గుమ్మరించి, అమ్ముడైనప్పుడు కట్టమని చెప్పి ఉండొచ్చు. రెండింటికీ తేడా పట్టుకునే దారి నోట్స్‌లో ఉంది. 2021 ఏప్రిల్ నుంచి మన కంపెనీలు తమ బాకీలు ఎంత పాతవో విడగొట్టి చూపించాలి: ఆరు నెలల లోపువి, ఏడాది లోపువి, రెండేళ్ల లోపువి, మూడేళ్ల లోపువి, అంతకు మించినవి. అమ్మకాలు పెరగకుండానే పాత గళ్లు ఏటేటా ఉబ్బుతున్నాయంటే ఆ డబ్బు రావడం కష్టమని అర్థం. బిల్లు వేయకుండానే ఆదాయంగా రాసుకున్న మొత్తాలు బాకీల్లో కాక వేరే ఆస్తుల కింద కూర్చుంటాయి. వాటినీ కలిపి చూడాలి.

దీనికి ఎదురు తిరిగిన సంగతీ ఉంది. నగదు అంకెను కూడా అందంగా చూపించవచ్చు. అమెరికాలో వరల్డ్‌కామ్ అనే టెలిఫోన్ కంపెనీ చేసిందదే. కాల్స్ మోసినందుకు ఇతర కంపెనీల లైన్లకు కట్టే సొమ్ము నెలనెలా అయ్యే ఖర్చు. దాన్ని ఆస్తి కొన్నట్టు రాసుకుంది. ఖర్చు తగ్గింది కాబట్టి లాభం పెరిగింది. చెల్లింపు మొదటి భాగంలోంచి రెండో భాగంలోకి జారింది కాబట్టి వ్యాపారపు నగదూ పెరిగింది. లాభం, నగదు రెండూ పోలినట్టే ఉన్నాయి. 2002 జూన్‌లో 380 కోట్ల డాలర్లకు పైగా ఇలా తప్పుగా రాశామని ఒప్పుకుంది, మరుసటి నెలలో దివాలా పిటిషన్ వేసింది. ఇలాంటిదానికి విరుగుడు ఒకటే: వ్యాపారపు నగదులోంచి యంత్రాలు, ఆస్తుల మీద పెట్టిన ఖర్చును తీసేసి చూడటం. ఏ గదిలోకి నెట్టినా ఆ మిగులు మారదు.

ఇక మన హైదరాబాద్ సంగతి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని చెప్పారు. ఆ లేఖలో ఒక్క త్రైమాసికం లెక్క చూడండి. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి 2,700 కోట్ల ఆదాయం ప్రకటించారు, నిజంగా వచ్చింది 2,112 కోట్లు. తేడా 588 కోట్లు. ఆ మూడు నెలల్లో దొంగ బ్యాంకు నిల్వ పెరిగిందీ సరిగ్గా 588 కోట్లే. లేని అమ్మకాన్ని బాకీగా రాస్తే మనం పైన చేసిన పరీక్షలో దొరికిపోతుంది. వాళ్లు దాన్ని డబ్బు వచ్చేసినట్టు రాశారు. మొత్తం మీద ఎక్కువ చేసి చూపిన బాకీలు 490 కోట్లే, దొంగ నగదు దానికి పదింతలు. కాబట్టి లాభం, నగదు పక్కపక్కన పెట్టి చూసినా అక్కడ పెద్ద తేడా కనిపించేది కాదు.

క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌కు ఉన్న హద్దు ఇదే. చివరి వరుసలో ఉన్న బ్యాంకు నిల్వ నిజమైతేనే పై వరుసలన్నీ నిజం. ఆ నిల్వ ఉందో లేదో నేరుగా బ్యాంకు నుంచి తెలుసుకోవాల్సింది ఆడిటరు. బయటివాళ్లం మనం చేయగలిగినవి కొన్నే. నగదు మీద వచ్చిన వడ్డీని సగటు నిల్వతో పోల్చి, బ్యాంకులు ఇచ్చే రేటుకు మరీ తక్కువగా ఉందేమో చూడవచ్చు. ఆ వడ్డీ చేతికి వచ్చిందా, రావలసినదిగానే రాసుకున్నారా అని చూడవచ్చు. సత్యం లేఖలో రావలసినదిగా రాసుకున్న 376 కోట్ల వడ్డీ కూడా ఉత్తదే. అంత డబ్బు పెట్టుకుని ఎందుకు అప్పు చేస్తున్నారని, ఎందుకు డివిడెండు పంచడం లేదని అడగవచ్చు. దొంగ నగదుకు ఎప్పుడో ఒకప్పుడు చావు చూపించాలి, అది తరచూ రెండో భాగంలో పెద్ద కొనుగోలుగా కనిపిస్తుంది. 2008 డిసెంబరు 16న మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించి, వాటాదారులు తిరగబడటంతో సత్యం వెనక్కి తగ్గింది. లేని ఆస్తుల స్థానంలో నిజమైనవి పెట్టడానికి అది చివరి ప్రయత్నమని రాజు ఆ లేఖలోనే రాశారు.

ఈ పరీక్ష బ్యాంకులకు, అప్పులిచ్చే సంస్థలకు పనికిరాదు. వాళ్లు ఇచ్చే అప్పే వాళ్ల వ్యాపారం. ఎంత ఎక్కువ ఇస్తే మొదటి భాగం అంత మైనస్‌లోకి పోతుంది, అది తప్పు కాదు.

మీ ఇంట్లో ఏదైనా కంపెనీ షేరు ఉంటే, దాని వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్చేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. అనుబంధ కంపెనీలను కలిపి వేసిన లెక్క తీసుకోండి. ఐదేళ్ల నికర లాభం ఒక వరుసలో, వ్యాపారం నుంచి వచ్చిన నగదు దాని కింద రాసి రెండూ కూడండి. అరగంట పని. రెండో మొత్తం మొదటిదాని దరిదాపుల్లో లేకపోతే, కంపెనీ వార్షిక సమావేశంలో లేచి అడిగే హక్కు ఒక్క షేరున్నా మీకుంది. అడగండి.